హ్యాపీ బర్త్‌డే రా మామా

ఈరోజుతో నీకు 34. రాత్రి పన్నెండింటికి అలవాటుగా ఫోన్ తీసి, నీ నంబర్ దాకా వెళ్లి ఆగిపోయాను.

పొద్దున సికింద్రాబాద్‌లో మన ఇరానీ హోటల్‌కి వెళ్లి "రెండు చాయ్" అనేశాను. రెండోది చల్లారేదాకా కూర్చుని, అదీ నేనే తాగాను. ఉస్మానియా బిస్కెట్ విరిగి చాయ్‌లో పడితే నువ్వు చెంచా పట్టుకుని వెతకడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. బిల్లు ఎప్పటిలాగే నేనే కట్టాను, రాసి పెట్టుకో.

మనవాళ్లందరికీ: సాయంత్రం ఆరున్నరకి ట్యాంక్‌బండ్ మీద, వాడు బండి ఆపే చోటే కలుద్దాం. కేక్ వద్దు, మిర్చి బజ్జీలు చాలు. రాలేనివాళ్లు వాడితో పడిన గొడవ ఒకటి కింద రాయండి. వాళ్లమ్మగారు కూడా చదువుతారు, కాస్త చూసుకుని.