రెండో చాపం

బెంచీ తడిగా తగిలితే హారిక ముందు చెమట అనుకుంది. విశాఖలో ఎవరైనా అదే అనుకుంటారు. ఎండ తగ్గినా జిగట తగ్గని ఊరు. పాతనగరంలోని ఆ బడిలో పంకా గాలి మూడో వరుస దాకా రానే రాదు. పొద్దుటి నుంచి పొత్తికడుపులో ఏదో మెలిపెడుతోంది. దానికీ ఒక కారణం చెప్పుకుంది: లెక్కల పరీక్ష.

చివరి ప్రశ్న చతుర్భుజ నిర్మాణం. ఎబి 4.5, బిసి 5.2, కర్ణం ఎసి 7 సెంటీమీటర్లు. త్రిభుజం కుదిరింది. ఎ నుంచి ఒక చాపం గీసింది. సి నుంచి 4.8తో ఇంకొకటి గీస్తే, రెండూ కలిసిన చోట డి. ఎనిమిది మార్కులు.

అతుక్కున్న గౌను సర్దుకుందామని చెయ్యి కిందికి పోనిచ్చింది. తీసి చూసుకుంటే వేలి కొన ఎర్రగా ఉంది.

బెంచీ మేకు గీసుకుందేమో అనుకుంది. నొప్పి లేదు. అప్పుడు అర్థమైంది.

నిరుడు గాజువాకలో చిన్నాన్న కూతురి పేరంటానికి వెళ్ళింది. పట్టులంగా, పూలజడ, చిమ్మిలి ఉండలు, ఫోటోలు. అంత సందడిలో అసలు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. కౌమార దశ పాఠం వచ్చినప్పుడు సైన్సు మాస్టారు రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్నారు. ఇంటి దగ్గర ఎవరు చదువుతారు?

పైగా శనివారం. తెల్ల గౌను.

పక్కన తొమ్మిదో తరగతి అబ్బాయి వేళ్ళు మడిచి ఏదో లెక్కించుకుంటున్నాడు. గదిలో ఉన్నది డ్రిల్లు మాస్టారు. "అడిషనల్ షీటు కావాలా? వచ్చి తీసుకో" అన్నారు, ఆమె చెయ్యి సగం లేచి ఆగడం చూసి. హారిక తల అడ్డంగా ఊపింది. చెవులు వేడెక్కాయి. హార్బరులో ఏదో ఓడ పెద్దగా కూత వేసింది. గోడ గడియారంలో ఇంకా నలభై నిమిషాలు.

ఆయా నూకాలమ్మ నీళ్ళ బిందె, గ్లాసు పట్టుకుని వరుసల మధ్యకు వచ్చింది. హారిక గ్లాసు అందుకోలేదు. ఆమె కొంగు పట్టుకుంది.

నూకాలమ్మ ఆ పిల్ల ముఖం చూసింది, బెంచీ చూసింది. వంగి చెవిలో అడిగింది.

"ప్యాడ్ ఉందా అమ్మా?"

"ఉంది" అంటూ హారిక జవాబు పత్రం కింది అట్ట పైకెత్తి చూపించింది. క్లిప్పు తుప్పు పట్టిన పరీక్ష ప్యాడ్. వెనకాల పదిహేడో ఎక్కం రాసి ఉంది.

నూకాలమ్మకు నవ్వు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "సరే, ఇదీ పనికొస్తుంది" అని పేపరు తీసి బెంచీ మీద బోర్లించింది. పిల్లను లేపి అట్టను గౌనుకు ఆనించి పట్టుకుని వెనకే నడిచింది. రెండు వరుసలు, ఒక మలుపు, తలుపు. అంత పెద్ద గదిని హారిక ఎప్పుడూ చూడలేదు. డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి రావిచెట్టును చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

టీచర్ల బాత్రూములో నూకాలమ్మ చన్నీళ్ళు పోసి మరకను నలిపింది. "వేడినీళ్ళు తగిలితే ఇక పోదు, గుర్తుపెట్టుకో." హిందీ టీచరు సంచిలోంచి న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం తెచ్చింది. ఎలా పెట్టుకోవాలో రెండు ముక్కల్లో చెప్పి తలుపు వేసింది.

"టీచరుకు తిరిగి ఇచ్చేయాలా?" లోపలి నుంచి హారిక గొంతు.

"వద్దులే తల్లీ! మీ ఇంటికి ఫోన్ చేయిస్తాను. అమ్మ వచ్చి తీసుకెళ్తుంది."

తలుపు తెరుచుకుంది. "వద్దు ఆయమ్మా. అమ్మమ్మకు తెలిసిందంటే వెంటనే చాప పరుస్తుంది. సోమవారం సైన్సు పరీక్ష ఉంది. ముందు ఇది పూర్తి చేయనివ్వండి. టైమెంతైంది?"

నూకాలమ్మ ఒక క్షణం ఆగి, తన భుజం మీది తువ్వాలు తీసి పిల్ల నడుముకు చుట్టింది.

వెళ్ళేసరికి బెంచీ కడిగి ఉంది. ఎవరు కడిగారో తెలియలేదు. మాస్టారి కుర్చీ వెనక మూలకు చేరింది. దాని ముందు బల్ల మీద ఆమె పేపరు, వృత్తలేఖిని, పైన ఒక అడిషనల్ షీటు.

"అక్కడ కూర్చో" అన్నారు ఆయన, గడియారంతో మాట్లాడుతున్నట్టు. "ఇరవై రెండు నిమిషాలు ఉంది."

వృత్తలేఖిని కాళ్ళు కదిలిపోయాయి. స్కేలు మీద మళ్ళీ 4.8 కొలుచుకుంది. చెయ్యి కొంచెం వణికింది. సి మీద ముల్లు గుచ్చి, ఊపిరి బిగబట్టి తిప్పింది. మొదటి చాపాన్ని అది సరిగ్గా కోసింది.

పక్కన డి అని రాసింది.