వేకప్ కాల్, రూమ్ ఫోన్: నైట్ షిఫ్ట్ ఆపరేటర్లకు సూచనలు

మన హోటల్ తిరుపతిలో ఉంది. కాబట్టి వేకప్ కాల్స్‌లో ఎక్కువ భాగం రాత్రి ఒకటిన్నర నుంచి నాలుగు లోపే ఉంటాయి. తెల్లవారుజాము దర్శనం స్లాట్ ఉన్నవాళ్లు, మొదటి రైలు పట్టుకోవాల్సినవాళ్లు మన కాల్‌నే నమ్ముకుని పడుకుంటారు. నెలల ముందు బుక్ చేసుకున్న టికెట్ ఒక్క కాల్ తప్పితే చేజారుతుంది. అందుకే ఈ పనిలో "చేశానండీ, ఎత్తలేదు" అన్న మాట చెల్లదు.

కాల్ రాసుకునేటప్పుడు

రూమ్ నంబరు, పేరు, తేదీ, సమయం నాలుగూ తిరిగి చదివి వినిపించండి. మూడు అని వదిలేయకుండా "తెల్లవారి మూడు" అని పలకండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది అర్ధరాత్రి దాటాక వచ్చే ఫోన్లలో. 12:40కి ఫోన్ చేసి "రేపు పొద్దున మూడింటికి లేపండి" అంటారు. వాళ్ల మనసులో ఇంకా నిన్నటి రోజే నడుస్తోంది, సిస్టమ్‌లో మాత్రం తేదీ మారిపోయింది. అప్పుడు ఇలా అడగండి: "అంటే ఇంకో రెండు గంటల ఇరవై నిమిషాల్లో, అంతేనా అండీ?" తేదీ అడిగితే తడబడతారు, ఎంతసేపట్లో అని అడిగితే వెంటనే సరిచేస్తారు.

తర్వాత మూడు చిన్న ప్రశ్నలు: "పది నిమిషాల తర్వాత ఇంకోసారి చేయమంటారా? క్యాబ్ చెప్పారా? గీజర్ స్విచ్ వార్డ్‌రోబ్ పక్కన ఉంది, చూశారా అండీ?" ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. స్విచ్ బాత్‌రూమ్ బయట ఉండటంతో చాలామందికి కనిపించదు. నీళ్లు వేడెక్కడానికి పావుగంట పడుతుంది కాబట్టి, తెల్లవారి మూడింటికి "వేడినీళ్లు రావట్లేదు" అని వచ్చే ఫోన్లు సగం ఇక్కడే ఆగిపోతాయి.

రిజిస్టర్‌లో రాయండి, ఈపీఏబీఎక్స్‌లో కూడా పెట్టండి. మెషీన్‌లో 24 గంటల లెక్క: సాయంత్రం నాలుగు అంటే 16:00. షిఫ్ట్ మొదట్లో మెషీన్ గడియారాన్ని మొబైల్ టైమ్‌తో సరిచూడండి, కరెంటు పోయి వచ్చినప్పుడు మళ్లీ చూడండి. రూమ్ మారినా, చెక్అవుట్ అయినా పాత నంబరు మీది వేకప్ తీసేయించండి. తీయకపోతే కొత్తగా దిగిన కుటుంబం రెండున్నరకు ఉలిక్కిపడి లేస్తుంది, లేవాల్సిన ఆయన పై అంతస్తులో నిద్రపోతుంటారు.

కాల్ చేసేటప్పుడు

ఒకటిన్నర నుంచి నాలుగు మధ్య మెషీన్ మోగాక మనిషి కూడా ఫోన్ చేయాలి. రికార్డెడ్ గొంతు విని రిసీవర్ పెట్టేసి మళ్లీ పడుకోవడం మామూలే. మెషీన్ మాత్రం దాన్ని "ఎత్తారు" అని రాసుకుంటుంది.

"గుడ్ మార్నింగ్ రావు గారూ, తెల్లవారి రెండున్నర అయిందండీ. మీరు చెప్పిన వేకప్ కాల్." గొంతు మెల్లగా, మాట స్పష్టంగా ఉండాలి. తమిళులకు "మణి మూణు ఆచ్చు సార్", కన్నడిగులకు "గంటె మూరాయ్తు సార్", హిందీవాళ్లకు "తీన్ బజ్ గయే హై సర్" అంటే చాలు. నిద్రమత్తులో సొంత భాష త్వరగా చెవికెక్కుతుంది. అవతల నుంచి ఒక మాట వినిపించేదాకా పెట్టేయొద్దు, రిసీవర్ ఎత్తిన చప్పుడు లెక్క కాదు.

ఎనిమిది రింగులకు ఎత్తకపోతే మూడు నిమిషాలకు మళ్లీ చేయండి. అప్పుడూ ఎత్తకపోతే బెల్‌బాయ్‌ని పంపండి. ఎంగేజ్ టోన్ వస్తే మూడు నిమిషాలు ఆగకుండా వెంటనే పంపండి, రిసీవర్ పక్కకు జారి ఉంటుంది. డీఎన్‌డీ బోర్డు ఉన్నా వేకప్ అడిగిన గదికి తలుపు తట్టవచ్చు. లోపలి నుంచి జవాబు వచ్చాకే రిజిస్టర్‌లో టిక్ పెట్టాలి. రెండుసార్లు గట్టిగా తట్టినా పలకకపోతే డ్యూటీ మేనేజర్‌కి చెప్పండి. పెద్దవయసు వాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు మన దగ్గర ఎక్కువ, లోపల ఒంట్లో బాగోలేక పడిపోయి ఉండొచ్చు. మాస్టర్ కీతో తలుపు తీయడం డ్యూటీ మేనేజర్, సెక్యూరిటీ ఇద్దరూ కలిసి చేసే పని. బెల్‌బాయ్ ఒక్కడూ తీయకూడదు.

ఒకే సమయానికి నాలుగుకు మించి కాల్స్ ఉంటే రిసెప్షన్‌తో పంచుకోండి. ఒక్కరే చేస్తే చివరి గదికి ఐదు నిమిషాలు ఆలస్యం అవుతుంది.

బయటి ఫోన్లు

మూడో రింగు లోపు ఎత్తండి. రూమ్ నంబరు చెప్పి కలపమంటే కలపొద్దు, ముందు గెస్ట్ పేరు అడగండి. పేరు సరిపోయినా గెస్ట్‌ని అడిగాకే కలపాలి. గదికి ఫోన్ చేసి "రిసెప్షన్ నుంచి మాట్లాడుతున్నాం, పేమెంట్ ఫెయిలైంది, ఓటీపీ చెప్పండి" అనే మోసాలకు దారి ఇదే. "ఆ పేరుతో ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్లకు ఉన్నారనీ లేరనీ చెప్పొద్దు: "గెస్టుల వివరాలు ఫోన్‌లో చెప్పలేమండీ, మీ పేరు, నంబరు ఇస్తే రాసుకుంటాను." రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, అత్యవసరమైతే తప్ప గదులకు కలపవద్దు. హోల్డ్‌లో పెట్టేముందు అడగండి, ప్రతి అర నిమిషానికి తిరిగి పలకరించండి.

గెస్ట్ చిరాకుగా ఉన్నప్పుడు

ముందు పూర్తిగా చెప్పనివ్వండి. మధ్యలో "అది కాదు సార్" అన్నారంటే గొడవ రెట్టింపవుతుంది. "కూల్ అవ్వండి", "సిస్టమ్ ప్రాబ్లమ్", "నా షిఫ్ట్‌లో కాదు" అనే మూడూ వాడొద్దు.

పొరపాటున లేపినప్పుడు: "క్షమించండి సార్, పొరపాటు మాదే. మీ గదికి ఇంక ఏ కాల్ రాకుండా ఇప్పుడే ఆపేస్తున్నాను. పడుకోండి." అంతే. పాత గెస్ట్ కథ చెప్పొద్దు, వినే కొద్దీ ఆయన నిద్ర చెడుతుంది.

"నేను వేకప్ అడగలేదు" అంటే: "ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి మేడమ్. మీ గది నుంచి మూడింటికి రాయించుకున్నారు. ఉంచమంటారా, తీసేయమంటారా?" చాలాసార్లు రాయించింది ఇంట్లోవాళ్లే అయి ఉంటారు. పక్కమంచం మీదివాళ్లను అడిగి ఆవిడే చెబుతారు.

కాల్ తప్పినప్పుడు అన్నిటికంటే జాగ్రత్త కావాలి: "చాలా పెద్ద తప్పు జరిగింది సార్, క్షమించండి. మీ టికెట్‌లో రిపోర్టింగ్ టైమ్ ఎంతుందండీ? కారు ఇప్పుడే గేటు దగ్గరికి రప్పిస్తున్నాను. డ్యూటీ మేనేజర్ మీతో మాట్లాడతారు." దర్శనం దొరుకుతుందని గానీ, డబ్బు వాపసు ఇస్తామని గానీ ఆపరేటర్ మాట ఇవ్వకూడదు. అలిపిరి దగ్గర తనిఖీ, ఆపైన ఘాట్ రోడ్డు, ఆ సమయం మన చేతిలో లేదు. కారు, మేనేజర్, ఈ రెండే మనం ఖాయంగా ఇవ్వగలిగినవి.

"ఎంతసేపటి నుంచి చేస్తున్నా ఎవరూ ఎత్తరేం?" అంటే: "మిమ్మల్ని ఎదురుచూయించాం, క్షమించండి. చెప్పండి సార్, ఈ పని అయ్యేదాకా నేనే చూసుకుంటాను." ఆ మాట అన్నాక పది నిమిషాల్లో మీరే ఫోన్ చేసి పని అయిందో లేదో చెప్పాలి.

బూతులకు దిగితే ఒక్కసారి చెప్పండి: "సార్, మీ పని చేయడానికే ఉన్నాను. ఈ మాటలు మాత్రం వద్దండీ." ఆగకపోతే "డ్యూటీ మేనేజర్‌కి కలుపుతున్నాను" అని చెప్పి కలిపేయండి. ఇందులో మీ తప్పేమీ లేదు, మేనేజ్‌మెంట్ మీ వైపే ఉంటుంది. మాటలు ఉన్నవి ఉన్నట్టు లాగ్‌బుక్‌లో రాయండి.

ఉదయం 7 గంటలకు షిఫ్ట్ అప్పగించేటప్పుడు టిక్ లేని ప్రతి వేకప్ పక్కన కారణం, తప్పిన కాల్స్ ప్రింటౌట్, చిరాకుపడిన గెస్టుల గది నంబర్లు ఉండాలి. చెక్అవుట్‌కి వచ్చినప్పుడు వాళ్లు చెప్పకముందే రిసెప్షన్ క్షమాపణ చెప్పాలి కాబట్టి ఆ నంబర్లు 7:15 లోపు రిసెప్షన్‌కి అందాలి.