ఒకటో తరగతికి వెళ్లే ముందు: యూకేజీ అమ్మానాన్నలకు చెక్‌లిస్ట్

అమ్మానాన్నలకు నమస్కారం.

మన క్లాసు పిల్లలు 22 మందీ ఇంకో 8 వారాల్లో ఒకటో తరగతిలో కూర్చుంటారు. పోయిన మీటింగులో మీలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "మా వాడు చిన్న చిన్న మాటలు చదువుతున్నాడు, సరిపోతుందా టీచర్?" నేను ముందు అడిగేది వేరు. నీళ్ల సీసా మూత వాడే తీసుకోగలడా?

రెండేళ్ల కిందట నా దగ్గర చదివిన ఒక పాప ఒకటో తరగతికి వెళ్లిన మొదటి వారం రోజూ సీసా నిండుగానే ఇంటికి తెచ్చింది. దాహం వేయడం లేదేమోనని వాళ్లమ్మ అనుకుంది. అసలు సంగతి, కొత్త సీసా మూత బిగుతుగా ఉంది. మూత తీసిపెట్టమని టీచర్ని అడగాలని పాపకు తోచలేదు. పుస్తకం ఇస్తే గడగడా చదివే పిల్ల! అప్పటి నుంచే ఈ చెక్‌లిస్ట్‌లో అక్షరాలను వెనక్కి జరిపి, ఇలాంటి పనులను ముందుకు తెచ్చాను.

ఒక్కో వాక్యం పక్కన ఈ మూడింటిలో ఒకటి రాయండి: "వచ్చు", "సాయం చేస్తే వచ్చు", "ఇంకా రాలేదు". పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి పరీక్ష పెట్టొద్దు. నాలుగైదు రోజులు మామూలుగా గమనిస్తే చాలు.

తన పనులు తనే

☐ బాత్రూంకి వెళ్లాలని ముందే చెప్తుంది. బట్టలు విప్పుకోవడం, కడుక్కోవడం, మళ్లీ వేసుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం ఒక్కతే చేసుకుంటుంది.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కొత్త స్కూల్లో పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. కొందరు సిగ్గుపడి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. అందుకే స్కూలుకు వేసుకెళ్లే బట్టలతోనే ఇంట్లో అలవాటు చేయించండి. ఇంట్లో సాగే నిక్కరు వేసుకునే బాబుకు గట్టి హుక్కు ఉన్న యూనిఫాం ఇస్తే మొదటి రోజే కంగారు పడతాడు. వీలైతే స్కూలు తెరిచే ముందే ఒకసారి తీసుకెళ్లి బాత్రూం ఎక్కడుందో చూపించండి. రాత్రిపూట పక్క తడపడం ఈ వయసులో చాలామందిలో ఉంటుంది. అందుకు పిల్లల్ని తిట్టకండి, నలుగురిలో ఎత్తి చూపకండి.

☐ నీళ్ల సీసా, టిఫిన్ బాక్స్ తెరిచి మళ్లీ మూత పెడుతుంది.
☐ ఎవరూ తినిపించకుండా, టీవీ ఫోను లేకుండా అరగంటలో తినేస్తుంది.
☐ చెప్పులు, బూట్లు సరైన కాలికి వేసుకుంటుంది. లేసులు కట్టడం ఇంకా రాకపోయినా పర్వాలేదు, అంటించే పట్టీ ఉన్నవి కొనండి.
☐ తన బ్యాగు, సీసా, పెన్సిల్ డబ్బా మిగతావాళ్ల వాటిలో గుర్తుపడుతుంది.

నోరు తెరిచి అడగడం

☐ "నాకు అర్థం కాలేదు", "ఇది రావట్లేదు, చూపించండి", "కడుపు నొప్పిగా ఉంది" అని ఇంట్లోవాళ్లు కాని పెద్దవాళ్లకు చెప్పగలదు.

ఈ కాగితంలో ఒక్కటే చూడగలిగితే దీన్నే చూడండి. ఇది రావాలంటే మీరు కాస్త వెనక్కి తగ్గాలి. బంధువులు "నీ పేరేంటమ్మా?" అని అడిగితే మనమే చెప్పేస్తాం. పది సెకన్లు ఆగండి. దుకాణంలో, ఆసుపత్రిలో పిల్లలనే మాట్లాడనివ్వండి.

☐ తన పూర్తి పేరు, అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబరు చెప్తుంది.
☐ రెండు పనులు కలిపి చెబితే వరసగా చేస్తుంది: "పుస్తకం బ్యాగులో పెట్టి, వచ్చి నా పక్కన కూర్చో."
☐ ఇవాళ జరిగిందేదైనా ముందూ వెనకా కలిపి నాలుగు మాటల్లో చెప్తుంది.
☐ ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే వద్దని గట్టిగా చెప్పాలనీ, వెంటనే మీకు చెప్పాలనీ తెలుసు. మీకు చెబితే తిట్టరన్న నమ్మకం కూడా ఉండాలి.

మనసు

☐ మీరు లేకుండా రెండు మూడు గంటలు వేరేవాళ్ల దగ్గర ఉంటుంది.
☐ ఆటలో ఓడిపోతే ఏడ్చినా కాసేపటికి సర్దుకుంటుంది.
☐ తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.
☐ నచ్చని పనైనా 10, 15 నిమిషాలు కూర్చుని చేస్తుంది.

మొదటి రోజుల్లో గేటు దగ్గర ఏడుపు మామూలే. చెప్పకుండా జారుకోకండి. "మధ్యాహ్నం అన్నం తిన్నాక వస్తా" అని చెప్పి, ముద్దుపెట్టి వెళ్లిపోండి, చెప్పిన వేళకు రండి. గేటు పక్కన నిలబడి తొంగి చూస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది.

చేతులు

☐ కత్తెరతో గీత వెంట కత్తిరిస్తుంది.
☐ గుండీలు పెట్టుకుంటుంది.
☐ తల, ఒళ్లు, చేతులు, కాళ్లు ఉండేలా మనిషి బొమ్మ గీస్తుంది.
☐ పెన్సిలు పిడికిలితో కాకుండా వేళ్లతో పట్టుకుంటుంది.

సెలవుల్లో రోజూ నాలుగు పేజీలు రాయించాలని చూడకండి. వేళ్లలో బలం రాకముందే రాయిస్తే పట్టు పాడవుతుంది, రాతంటేనే విసుగు పుడుతుంది. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితాలు మడవడం, తడిబట్ట పిండడం, ఇవన్నీ రాతకు ముందు పనులే. పొట్టి క్రేయాన్ ముక్క ఇస్తే పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్లే సర్దుకుంటాయి. అక్షరాలు, అంకెలు తిరగేసి రాయడం ఏడేళ్ల దాకా మామూలుగా కనిపించేదే.

చదువు, లెక్క

☐ తన పేరు చూసి గుర్తుపడుతుంది, తప్పులున్నా రాస్తుంది.
☐ కాకి, కాలు, కారు, ఈ మూడూ ఒకే శబ్దంతో మొదలవుతాయని గుర్తుపడుతుంది.
☐ కథ చెబుతుంటే వింటుంది, "తర్వాతేమైంది?" అని అడుగుతుంది.
☐ 10 దాకా వస్తువులను ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెడుతుంది.

చివరిది ఇంట్లోనే చూడొచ్చు. డబ్బా నిండా గుండీలు ముందు పెట్టి "నాకు ఏడు ఇవ్వు" అనండి. నూరు దాకా అప్పజెప్పే పిల్లలు కూడా కొందరు డబ్బా మొత్తం చేతిలో పెడతారు. అంటే అంకెల పాట వచ్చింది, లెక్క ఇంకా రాలేదు. మెట్లెక్కుతూ, కంచాలు సర్దుతూ లెక్కపెట్టిస్తే వచ్చేస్తుంది.

ఆరోగ్యం

☐ కళ్ల పరీక్ష చేయించాం. (ఒక కన్ను మందగించి ఉన్నా పిల్లలు చెప్పలేరు. చిన్నప్పుడే పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది.)
☐ పిలిస్తే వెనక నుంచైనా పలుకుతుంది. అనుమానం ఉంటే చెవి పరీక్ష.
☐ ఈ వయసు టీకాలన్నీ పూర్తయ్యాయి.
☐ రోజుకు కనీసం 10 గంటలు నిద్రపోతోంది. స్కూలు తెరవడానికి రెండు వారాల ముందు నుంచే రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున త్వరగా పడుకోబెట్టండి.
☐ నింపిన బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటలేదు. 18 కిలోల పాపకు 1.8 కిలోలు. మోయించి, నడిపించి చూడండి.

"ఇంకా రాలేదు" అని నాలుగైదు చోట్ల పడితే టెన్షన్ పడకండి. వాటిలో రెండు తీసుకుని సెలవుల్లో వాటి మీదే ఉండండి. బాత్రూం, అడగడం ముందు, మిగతావి తర్వాత. మాట స్పష్టంగా లేకపోయినా, పిలిచినా పలకకపోయినా, ఇంతకుముందు వచ్చినవి ఇప్పుడు పోతున్నట్టు అనిపించినా మాత్రం సెలవులు అయ్యేదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

కాగితం వెనక మీ పాప లేక బాబు గురించి కొత్త టీచరుకు తెలియాల్సిన మూడు సంగతులు రాయండి: దేనికి భయం, ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది, ఇంట్లో ఏమని పిలుస్తారు. శుక్రవారం మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా నేను క్లాసులోనే ఉంటాను. కాగితం అప్పుడు తెచ్చివ్వండి. విడిగా మాట్లాడాలంటే 5 తర్వాత కూడా ఉంటాను.

మీ యూకేజీ క్లాస్ టీచర్