నాలుగో అధ్యాయంలో భ్రామకం, బలయుగ్మం, టార్క్: అనువాద బృందానికి గమనిక

ముసాయిదాలో మొమెంట్, కపుల్, టార్క్ మూడింటికీ చాలాచోట్ల ‘భ్రామకం’ అనే పడింది. మూడు చోట్లా ప్రమాణం న్యూటన్-మీటరే కాబట్టి లెక్కలు సరిపోతాయి, తప్పు కంటపడదు. 4.6 విభాగంలో మాత్రం దొరికిపోతుంది. ‘భ్రామకం విలువ ఏ బిందువు నుంచి చూసినా మారదు’ అని రాశారు. మూలంలో ఉన్నది బలయుగ్మం గురించి. ఒంటరి బలం విషయంలో ఈ మాట అబద్ధం.

భ్రామకం ఈ మూడింటిలో విశాలమైన మాట. ఒక రాశిని దూరంతోనో, దూరపు వర్గంతోనో గుణిస్తే వచ్చేదానికి వాడతాం కాబట్టే జడత్వ భ్రామకం, ద్విధ్రువ భ్రామకం కూడా ఉన్నాయి. అందుకే ప్రతి విభాగంలో తొలిసారి ‘బల భ్రామకం’ అని పూర్తిగా రాయండి, తర్వాత ‘భ్రామకం’ చాలు. ఏ బిందువు పరంగా అన్నది వదిలేయకండి. అది లేని బల భ్రామకానికి అర్థం లేదు. 4.2 నిర్వచనంలో ‘లంబ’ అనే మాట జారిపోయింది. బిందువు నుంచి బలపు క్రియారేఖకు ఉన్న లంబ దూరం కావాలి. 0.25 మీ. స్పానర్ కొసన 80 న్యూటన్లు పిడికి లంబంగా లాగితే 20 న్యూటన్-మీటర్లు. పిడితో 30 డిగ్రీల కోణంలో లాగితే 10 మాత్రమే. ‘లంబ’ లేకపోతే విద్యార్థి రెండుచోట్లా 20 అనే వేస్తాడు.

బలయుగ్మం రాశి కాదు, ఒక అమరిక. పరిమాణంలో సమానమై, దిశలో వ్యతిరేకమై, ఒకే రేఖ మీద లేని రెండు సమాంతర బలాలు. వాటి ఫలిత బలం సున్నా. దృఢ వస్తువును అది తిప్పగలదు కానీ, ద్రవ్యరాశి కేంద్రానికి త్వరణం ఇవ్వలేదు. ఆ తిప్పే సామర్థ్యానికి పేరు ‘బలయుగ్మ భ్రామకం’. కాబట్టి ‘బలయుగ్మం 7.2 న్యూటన్-మీటర్లు’ అని కాకుండా ‘బలయుగ్మ భ్రామకం 7.2 న్యూటన్-మీటర్లు’ అని రాద్దాం.

పటం 4.7లోని స్టీరింగ్ చక్రం కింద ఈ లెక్క చేర్చితే బాగుంటుంది. చెరో అంచున 20 న్యూటన్లు, మధ్య దూరం 0.36 మీ.

```
కేంద్రం పరంగా:            20×0.18 + 20×0.18 = 7.2
ఒక అంచు పరంగా:           20×0.36 + 20×0   = 7.2
అంచుకు 1 మీ. బయట నుంచి: 20×1.36 − 20×1   = 7.2
```

మూడో వరుసలో బిందువు చక్రం బయట, ఆ రెండు అంచులను కలిపే గీతను పొడిగించిన చోట ఉంది. ‘బిందువు మారినా మారదు’ అన్న మాటకు ఇంతకంటే మంచి వివరణ అక్కర్లేదు.

చిక్కంతా టార్క్‌తోనే. భౌతికశాస్త్ర పుస్తకాల్లో బల భ్రామకానికి అది మారుపేరు, అక్కడ రెండిట్లో ఏది రాసినా తప్పు లేదు. ఇంజనీరింగ్‌లో వాడుక వేరు: షాఫ్టును దాని అక్షం చుట్టూ మెలిపెట్టేది టార్క్, దూలాన్ని వంచేది వంపు భ్రామకం. గోడలో బిగించిన 2 మీ. దూలం కొసన 500 న్యూటన్లు వేలాడదీస్తే గోడ దగ్గర 1000 న్యూటన్-మీటర్ల వంపు భ్రామకం వస్తుంది. దాన్ని టార్క్ అంటే విద్యార్థి దూలం మెలితిరుగుతుందనుకుంటాడు, తీరా ప్రతిబలం కట్టడానికి తప్పుడు సూత్రం పట్టుకుంటాడు. మన పుస్తకం ఇంజనీరింగ్‌ది కాబట్టి షాఫ్టు, మోటారు, బోల్టు బిగింపు ఉన్నచోటే టార్క్. దానికి కొత్త మాట కల్పించవద్దు. మెకానిక్ మొదలు ప్రొఫెసర్ దాకా అందరూ అనేది టార్క్ అనే.

ఇక స్పానర్ వాక్యం. ‘స్పానర్‌తో బోల్టు మీద బలయుగ్మం ప్రయోగిస్తాం’ అన్నది సగమే నిజం. ఒంటి చేత్తో లాగినప్పుడు బోల్టు మీద 20 న్యూటన్-మీటర్ల భ్రామకం ఉన్న బలయుగ్మంతో పాటు 80 న్యూటన్ల పక్క బలం కూడా పడుతుంది. పొడవాటి సాకెట్ పక్కకు ఒరిగి జారేది ఆ బలం వల్లే. టీ ఆకారపు పిడిని రెండు చేతులతో సమానంగా, ఎదురెదురుగా తిప్పితే బోల్టుకు అందేది బలయుగ్మం మాత్రమే. ఈ పేరా మళ్లీ రాయాలి.

చిన్న సవరణలు కొన్ని. 4.1లో కపుల్ అన్నది కేవలం ‘ఓ రెండు’ అనే అర్థంలో వచ్చింది. అక్కడ బలయుగ్మం తీసేసి ‘రెండు బలాలు’ అనండి. 4.9లో ‘C వద్ద M మొమెంట్ ప్రయోగించారు’ అన్న చోట ఒంటరి బలమేదీ లేదు, అది బలయుగ్మమే. 4.11లో జడత్వ భ్రామకం రెండు అర్థాల్లో వచ్చింది: ప్రమాణం kg·m² అయితే అదే పేరు ఉంచండి, m⁴ అయితే ‘వైశాల్య ద్వితీయ భ్రామకం’ అని మార్చండి. ‘భ్రామకం’ బదులు ‘భ్రమణం’ అని మూడుచోట్ల అచ్చుతప్పు పడింది, అందులో ఒకటి విభాగం శీర్షికలోనే.