దీర్ఘకాల వర్షపాత, ఉష్ణోగ్రత రికార్డుల్లో ఏకదిశ ధోరణి: మాన్–కెండాల్ పరీక్షను వాడిన విధానం

3. పద్ధతి

3.1 పరీక్ష ఎంపిక

ఒక నదీ పరీవాహక ప్రాంతంలోని 11 కేంద్రాల్లో 1961 నుంచి 2020 వరకు నమోదైన వార్షిక వర్షపాతం, వర్షాకాల వర్షపాతం, సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత, సగటు కనిష్ఠ ఉష్ణోగ్రతలను ఈ అధ్యయనంలో పరిశీలించాం. అరవై ఏళ్లలో ఈ విలువలు ఒకే దిశలో పెరుగుతూనో తగ్గుతూనో వచ్చాయా అన్నది మా ప్రశ్న. ఆ మార్పు సరళరేఖలాగే సాగి ఉండాలని మేము అనుకోలేదు. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరిగినా అది ఏకదిశ ధోరణే.

వర్షపాత విలువలు సామాన్య విభాజనాన్ని అరుదుగా పాటిస్తాయి. ఒకటి రెండు కుండపోత సంవత్సరాలు చాలు, కనిష్ఠ వర్గాల పద్ధతిలో గీసిన రేఖ వాలు మారిపోవడానికి. అలాంటి సంవత్సరం రికార్డు మొదట్లోనో చివర్లోనో ఉంటే ప్రభావం మరీ ఎక్కువ. అందుకే విలువల పరిమాణాన్ని కాకుండా వాటి క్రమాన్ని మాత్రమే చూసే మాన్–కెండాల్ పరీక్షను ఎంచుకున్నాం. దీనికి మాన్ 1945లో పునాది వేశారు, కెండాల్ తర్వాత విస్తరించారు. ఇది నాన్ పారామెట్రిక్ పరీక్ష, అంటే డేటా ఫలానా విభాజనం నుంచి వచ్చిందని ముందుగా ఊహించదు. అయితే విలువలు ఒకదానిపై ఒకటి ఆధారపడవన్న షరతు దీనికీ ఉంది. ఆ షరతును పట్టించుకోకపోతే ఫలితం ఎంత మారుతుందో 3.4లో చూపుతాం.

3.2 డేటా తయారీ

రోజువారీ విలువల్లో 10 శాతానికి మించి లోపించిన సంవత్సరాన్ని వదిలేశాం. ఖాళీలను పక్క కేంద్రాల సగటుతో నింపలేదు. అలా నింపితే వైవిధ్యం కృత్రిమంగా తగ్గుతుంది. పైగా ఈ పరీక్ష మధ్యలో కొన్ని సంవత్సరాలు లేకపోయినా పనిచేస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు రికార్డులోని కృత్రిమ మార్పులతో వస్తుంది. పరికరం మారినా, కేంద్రం వేరే చోటికి తరలినా, చుట్టూ భవనాలు లేచినా విలువలు ఒక్కసారిగా ఒక మెట్టు ఎక్కుతాయి లేదా దిగుతాయి. మాన్–కెండాల్ పరీక్షకు ఆ మెట్టు కూడా ధోరణిలాగే కనిపిస్తుంది. అందువల్ల ప్రతి శ్రేణిపైనా ముందుగా పెటిట్ పరీక్ష (1979) చేసి, మార్పు బిందువు తేలిన చోట కేంద్రం చరిత్ర పుస్తకాన్ని చూశాం. ఒక కేంద్రంలో 1987లో ఉష్ణమాపకాలను వేరే స్థలానికి మార్చినట్టు నమోదై ఉంది. ఆ కేంద్రపు ఉష్ణోగ్రత శ్రేణులను విశ్లేషణ నుంచి తప్పించాం, వర్షపాతాన్ని ఉంచాం. చరిత్రలో కారణం దొరకని మార్పు బిందువులను సరిదిద్దలేదు. అవి నిజమైన వాతావరణ మార్పే కావచ్చు.

3.3 గణన

కాలక్రమంలో ఉన్న ప్రతి జత సంవత్సరాలను పోల్చి, తర్వాతిది ఎక్కువైతే +1, తక్కువైతే −1, సమానమైతే 0 వేసి మొత్తం కూడితే S వస్తుంది.

```
S = Σ sgn(x_j − x_i),  i < j
Var(S) = [n(n−1)(2n+5) − Σ t(t−1)(2t+5)] / 18
Z = (S−1)/√Var(S)   S > 0 అయితే
Z = 0               S = 0 అయితే
Z = (S+1)/√Var(S)   S < 0 అయితే
```

ఇక్కడ n సంవత్సరాల సంఖ్య. t అంటే ఒకే విలువ పంచుకున్న సంవత్సరాల గుంపు పరిమాణం. వార్షిక శ్రేణుల్లో ఇలాంటి సమాన విలువలు దాదాపు ఉండవు. కానీ పొడి నెలల్లో వర్షపాతం పదేపదే సున్నాగా నమోదవుతుంది కాబట్టి నెలవారీ విశ్లేషణలో ఆ సవరణ తప్పనిసరి. ధోరణి లేదన్న శూన్య పరికల్పనను 5 శాతం సార్థకతా స్థాయిలో, రెండు వైపులా పరీక్షించాం.

ధోరణి ఉందా లేదా అన్నది Z చెబుతుంది, ఎంత ఉందన్నది చెప్పదు. పరిమాణానికి థీల్–సెన్ వాలు వాడాం: ప్రతి జత సంవత్సరాల మధ్య వాలు లెక్కించి, ఆ వాలులన్నింటి మధ్యగతం తీసుకున్నాం. 60 ఏళ్ల పూర్తి రికార్డుకు ఇలాంటి జతలు 1770. సార్థకత తేలినా తేలకపోయినా ప్రతి శ్రేణికీ వాలునూ, దాని 95 శాతం విశ్వాస్యతా అంతరాన్నీ ఇచ్చాం. నీటి ప్రణాళిక చేసేవారికి అక్కరకొచ్చేది దశాబ్దానికి ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని డిగ్రీలు అన్న సంఖ్యే. p విలువ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం సరిపోదని మా అభిప్రాయం.

3.4 స్వసహసంబంధం

వేడిగా గడిచిన ఏడాది తర్వాతి ఏడాది కూడా వేడిగా ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి ధన స్వసహసంబంధం ఉన్నప్పుడు అరవై విలువలు అరవై స్వతంత్ర విలువలంత సమాచారం ఇవ్వవు. దాంతో Var(S) అసలు ఉండాల్సిన దానికంటే తక్కువగా లెక్కకు వస్తుంది, లేని ధోరణి ఉన్నట్టు తేలుతుంది.

7వ కేంద్రపు సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత దీనికి మంచి ఉదాహరణ. ఇక్కడ n = 60, సమాన విలువలు లేవు, S = 412. మామూలు సూత్రం ప్రకారం Var(S) = 24583.3, Z = 2.62, p = 0.009. ఇక్కడితో ఆగితే బలమైన ధోరణి అని రాసేయవచ్చు. అయితే ఈ శ్రేణి నుంచి సెన్ వాలును తీసేశాక మిగిలిన విలువల ర్యాంకుల మధ్య ఒక ఏడాది అంతరంతో స్వసహసంబంధం 0.42 ఉంది. 60 విలువలకు సార్థకతా హద్దు 0.253 కాబట్టి దీన్ని వదిలేయలేం. మిగతా అంతరాల విలువలు హద్దు దాటలేదు. హామెడ్, రావు 1998లో ప్రతిపాదించిన సవరణ ప్రకారం విస్తృతిని 1.798తో గుణించాలి. అప్పుడు Z = 1.95, p = 0.051.

డేటా అదే, S అదే. మారింది స్వతంత్రత గురించిన ఊహ ఒక్కటే. దీన్ని చూసి వేడెక్కడం లేదని తేల్చడమూ తప్పే. సెన్ వాలు రెండు లెక్కల్లోనూ దశాబ్దానికి 0.09 డిగ్రీల సెల్సియస్‌గానే ఉంది. సవరించిన విస్తృతితో దాని విశ్వాస్యతా అంతరం కింది హద్దు సున్నాకు కాస్త దిగువకు జారింది, అంతే. ఇలాంటి శ్రేణులను ఫలితాల పట్టికలో 'సరిహద్దు' అని విడిగా గుర్తించాం.

ముందుగా స్వసహసంబంధాన్ని తీసేసి ఆ తర్వాత పరీక్షించే ప్రీ-వైటెనింగ్ పద్ధతిని వాడలేదు. అది నిజమైన ధోరణిలోనూ కొంత భాగాన్ని తీసేస్తుంది. మాన్–కెండాల్ సవరణకు R లోని `modifiedmk` ప్యాకేజీ, `mmkh` ఫంక్షన్ వాడాం.

3.5 అనేక పరీక్షలు, కాలవ్యవధి

తప్పించిన రెండు శ్రేణులు పోగా మొత్తం 42 పరీక్షలు చేశాం. ఎక్కడా ధోరణి లేకపోయినా 5 శాతం స్థాయిలో సగటున రెండు పరీక్షలు సార్థకంగా తేలతాయి. కాబట్టి బెంజమిని–హోచ్‌బర్గ్ పద్ధతితో (1995) తప్పుడు గుర్తింపుల రేటును 5 శాతానికి పరిమితం చేసి, సవరించక ముందు, తర్వాత p విలువలు రెండూ ఇచ్చాం.

రికార్డు కరువు ఏళ్లతో మొదలైతే వర్షపాతం పెరిగినట్టు, మంచి వానలతో మొదలైతే తగ్గినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే ప్రారంభ సంవత్సరాన్ని 1961, 1966, 1971గా మార్చి ప్రతి విశ్లేషణనూ మళ్లీ చేశాం. మూడింటిలోనూ వాలు గుర్తు ఒకటే ఉన్న శ్రేణులనే చర్చలోకి తీసుకున్నాం.

వర్షపాతం ఏడాదికేడాది చాలా మారుతుంది కాబట్టి మధ్యస్థ స్థాయి ధోరణిని పట్టుకునే శక్తి అరవై ఏళ్ల రికార్డుకు కూడా పరిమితమే. సగం కాలం పెరిగి మిగతా సగం తగ్గిన శ్రేణిలోనైతే ధన, రుణ జతలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని S సున్నాకు దగ్గరవుతుంది. అందువల్ల p విలువ 0.05 మించిన చోట 'ధోరణి లేదు' అని కాకుండా 'ఏకదిశ ధోరణి గుర్తించబడలేదు' అని రాశాం; ఆ శ్రేణుల కాలరేఖా చిత్రాలను కూడా ఫలితాల విభాగంలో చేర్చాం.