రిసెప్షనిస్ట్ ఉద్యోగానికి రాజీనామా

విశాఖపట్నం,
5 జనవరి 2026

మేనేజర్ గారికి,

నమస్కారం సార్. రిసెప్షనిస్ట్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నెల రోజుల నోటీసు ఈ రోజు నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి 4 నా ఆఖరి డ్యూటీ అవుతుంది. దయచేసి అంగీకరించగలరు.

ఒక క్రూయిజ్ లైన్‌లో గెస్ట్ సర్వీసెస్ ఉద్యోగం వచ్చింది. మెడికల్ పాసయ్యాను. ఫిబ్రవరి 9 నుంచి చెన్నైలో ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ: మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, ప్రథమ చికిత్స లాంటివి. అది ముగిశాక ఓడ ఉద్యోగులకిచ్చే గుర్తింపు పుస్తకం సీడీసీ తీసుకుని ఓడ ఎక్కాలి. నాలుగేళ్లుగా నైట్ డ్యూటీలో మన అద్దాల తలుపులోంచి దూరాన లంగరేసిన ఓడల దీపాలు చూస్తూనే ఉన్నాను సార్. ఈ అవకాశం వదులుకోలేకపోయాను.

చేరిన రెండో నెలలో ఒకే రూమ్ ఇద్దరికి బుక్ చేసేశాను. రాత్రి రెండున్నరకి నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని ఆ దంపతులు కౌంటర్ ముందు నిలబడితే నాకు మాట రాలేదు. మీరు ఇంటి నుంచి వర్షంలో తడుస్తూ బండి మీద వచ్చి, ముందు పాపకు పాలు తెప్పించారు. తర్వాత అదే రేటుకి సూట్ ఇచ్చారు. వాళ్ల ఎదుట నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లారాక పక్కన కూర్చోబెట్టుకుని అరైవల్ లిస్టును ఆన్‌లైన్ బుకింగులతో ఎలా సరిచూడాలో నేర్పారు. ఈ రోజుకీ డ్యూటీ ఎక్కగానే నేను చేసే మొదటి పని అదే. కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఆ రాత్రి గురించే చెప్పాను. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరిలో నేవీ ఫ్లీట్ రివ్యూ ఉంది. ఆ రద్దీకి ముందు వెళ్లిపోతున్నందుకు మనసు ఒప్పడం లేదు. అందుకే హ్యాండోవర్ ఈ వారమే మొదలుపెడతాను. విదేశీ అతిథులు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి కాబట్టి, కొత్తగా చేరిన అమ్మాయి చేత ముందు అదే చేయిస్తాను. పాస్‌పోర్టు, వీసా నంబర్లలో ఒక్క అంకె తప్పినా తలనొప్పే. నైట్ ఆడిట్ కూడా నా పక్కన కూర్చుని పది రోజులైనా చేస్తే చేయి తిరుగుతుంది. అందుకు నాకు వరసగా నైట్ డ్యూటీలు వేసినా ఇష్టమే. అడ్వాన్సుల లెక్క, లాకర్ తాళాలు, అతిథులు మరిచిపోయిన వస్తువుల రిజిస్టర్ మీ ఎదుటే అప్పగించి సంతకం తీసుకుంటాను. తరచూ వచ్చే అతిథుల అలవాట్లు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మెట్లెక్కలేని పెద్దావిడకు కింది అంతస్తు రూమే ఇవ్వాలన్నది మొదటి పేజీలోనే ఉంది.

శిక్షణ రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత నా ఫోన్ అందుబాటులో ఉంటుంది. ఏ అనుమానమొచ్చినా మొహమాటపడకుండా ఫోన్ చేయమని కౌంటర్‌లో అందరికీ చెప్పాను.

రిలీవింగ్ లెటర్, అనుభవ ధృవీకరణ పత్రం ఫిబ్రవరి 4 నాటికి ఇప్పించగలరని మనవి.

కృతజ్ఞతలతో,
మీ విధేయురాలు,
సుజాత
రిసెప్షనిస్ట్, ఫ్రంట్ ఆఫీస్