థీసిస్‌కి ఏ డిజైన్? శాంప్లింగ్, బయాస్ చాప్టర్‌ని ఇలా వాడుకోండి

కమ్యూనిటీ మెడిసిన్ మొదటి సంవత్సరం పీజీలకు,

ప్రోటోకాల్ ఎథిక్స్ కమిటీకి పంపే లోపు అందరూ అడుగుతున్నది ఒకటే: "క్రాస్ సెక్షనల్ పెట్టుకోవాలా, కేస్ కంట్రోలా?" జవాబు ఈ చాప్టర్‌లోనే ఉంది, కాకపోతే నిర్వచనాల మధ్య చెదిరిపోయి ఉంది. అందుకే మీరు తేల్చుకోవాల్సిన వరుసలో దాన్ని మళ్లీ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. శాంపిల్ ఎంతమంది అన్నది చివరి ప్రశ్న. ఆ మనుషులు ఎక్కడి నుంచి, ఎలా మీ చేతికి వచ్చారన్నది దానికంటే ముందు తేలాలి. అన్నిటికంటే ముందు మీరు అడుగుతున్నది ఏమిటో తేలాలి, డిజైన్‌ని తేల్చేది అదే.

మీరు అడుగుతున్నది ఏమిటి?

"ఈ మండలంలో పెద్దవాళ్లలో బీపీ ఎంతమందికి ఉంది?" అని అడుగుతుంటే క్రాస్ సెక్షనల్ చాలు, ఇంకేమీ ఆలోచించకండి. "పొగాకు వల్ల నోటి క్యాన్సర్ వస్తుందా?" లాంటి ప్రశ్న అయితే, జబ్బు అరుదు, రావడానికి ఏళ్లు పడుతుంది, మీకున్నది రెండేళ్లు కూడా కాదు, కాబట్టి కేస్ కంట్రోల్. జబ్బు తరచుగా వచ్చేదై, తొందరగా తేలేదైతే (బాలింతల్లో కుట్ల ఇన్ఫెక్షన్ లాంటివి) కోహార్ట్ మీ చేతిలో పనే, దానికి భయపడాల్సిన పని లేదు. కారణం అరుదైనదైనా కోహార్టే, ఎందుకంటే ఏ పురుగుమందుల ఫ్యాక్టరీలోనో పనిచేసేవాళ్లని ఊళ్లో వెతికితే నలుగురు కూడా దొరకరు, ఫ్యాక్టరీ దగ్గరికే వెళ్లాలి. "ఈ మందు పనిచేస్తుందా?" అని అడిగితే ట్రయల్. మందు ఎవరికి ఇవ్వాలో డాక్టరే నిర్ణయించిన పాత కేస్ షీట్లు చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలా కష్టం, జబ్బు ముదిరినవాళ్లకే ఆ మందు ఎక్కువగా రాసి ఉంటారు.

క్రాస్ సెక్షనల్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నది చాలాసార్లు తేలదు. ఉప్పు తక్కువ తినేవాళ్లలో బీపీ ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి, బీపీ ఉందని తెలిశాకే వాళ్లు ఉప్పు తగ్గించి ఉండొచ్చు. మీ ప్రశ్నలో "వల్ల" అన్న మాట ఉంటే, ఈ డిజైన్ దాన్ని మోయగలదో లేదో గైడ్ దగ్గర కూర్చుని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారు?

నా దృష్టిలో చాప్టర్ మొత్తానికీ గుండెకాయ ఇదే. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి, లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. జాబితాలు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి వచ్చాయి, పైగా తిరిగి పంపినవాళ్లూ పంపనివాళ్లూ ఒకే రకం మనుషులు కారు. అన్ని లక్షల మంది ఉన్నా తప్పు సరికాలేదు. శాంపిల్ పెంచితే తగ్గేది రాండమ్ ఎర్రర్ మాత్రమే, బయాస్ ఉన్నచోటే ఉంటుంది.

దీన్ని మన ఫీల్డ్‌కి తెచ్చి చూడండి. మిర్చి కోతల రోజుల్లో గుంటూరు జిల్లా పల్లెల్లో పగలు 11 గంటలకు ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తే ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, ఒంట్లో బాగోలేక కూలికి వెళ్లనివాళ్లు. చేలో ఉన్నవాళ్లు మీ లెక్కలో ఉండరు, బీపీ శాతం ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి వెళ్లకండి. పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి మళ్లీ వెళ్లండి, ఎన్నిసార్లు వెళ్లాలన్నది ప్రోటోకాల్‌లోనే రాసుకోండి.

శాంపిల్ తీసే జాబితా, అంటే ఫ్రేమ్ విషయంలో కూడా ఇంతే. అంగన్‌వాడీ రిజిస్టర్, ఆశా కార్యకర్త జాబితా మంచి ఆధారాలే, కానీ ఇటుక బట్టీలో పని కోసం ఒడిశా నుంచి వచ్చి గుడిసెలో ఉంటున్న కుటుంబం అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే బట్టీకి వెళ్లి ఆ జాబితాను పూర్తి చేయండి.

క్లస్టర్ పద్ధతి తీసుకునేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. టీకాల సర్వేల్లో వాడిన 30 క్లస్టర్లు, ఒక్కోదానిలో 7గురు పిల్లలు అన్న పాత పద్ధతిలో ఊరి మధ్యలో నిలబడి పెన్నో సీసానో తిప్పి, అది చూపిన దిక్కున మొదటి ఇల్లు ఎంచుకుని, అక్కడి నుంచి దగ్గరి ఇళ్లకు వెళ్లేవాళ్లు. అలా చేస్తే ఊరి నడుమ ఇళ్లకే అవకాశం ఎక్కువ. మన పల్లెల్లో ఊరి చివర ఉండేది తరచుగా ఎస్సీ కాలనీ, ఎస్టీ తండా. వాళ్లు తప్పిపోతే అది కేవలం గణాంకాల లోపం కాదు, ఆరోగ్య సేవ అందరికంటే ఆలస్యంగా చేరేవాళ్లనే మనం లెక్కలోంచి తీసేసినట్టు. ఇళ్లన్నిటికీ నంబర్లు వేసి రాండమ్‌గా తీయండి, శ్రమ అయినా సరే.

కేస్ కంట్రోల్‌లో ఇదే సమస్య కంట్రోల్స్ రూపంలో వస్తుంది. 1981లో హార్వర్డ్ పరిశోధకులు కాఫీకి, పాంక్రియాస్ క్యాన్సర్‌కి సంబంధం ఉందని ప్రచురించారు. కంట్రోల్స్‌ని అవే డాక్టర్ల దగ్గర చేరిన ఇతర రోగుల నుంచి తీసుకున్నారు, వాళ్లలో చాలామంది కడుపు జబ్బులవాళ్లు, కాఫీ తగ్గించేసుకుని ఉండొచ్చు. దాంతో క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎక్కువ కాఫీ తాగినట్టు కనిపించింది. మీరు ఓపీలోంచి కంట్రోల్స్ తీసుకుంటుంటే ఒక్కటి అడగండి: ఈ మనిషికి నా జబ్బే వచ్చి ఉంటే నా ఆస్పత్రికే వచ్చేవాడా? కాదంటే కేసులు వచ్చిన ఊళ్ల నుంచే కంట్రోల్స్ తీసుకోండి.

చెప్పింది, కొలిచింది ఎంతవరకు నమ్మొచ్చు?

జబ్బుతో ఉన్న బిడ్డ తల్లి, తను గర్భంతో ఉన్నప్పుడు వేసుకున్న ప్రతి మాత్రా గుర్తు చేసుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల్లికి అంత గుర్తుండదు. కేస్ కంట్రోల్‌లో రీకాల్ బయాస్ ఇదే, ఎంసీపీ కార్డు లాంటి రాతపూర్వక ఆధారం దొరికితే జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. బీపీ రీడింగులన్నీ 120, 130, 140 అని సున్నాతోనే ముగుస్తుంటే కొలిచినవాళ్లు గుండ్రంగా రాసేస్తున్నారని అర్థం. కోహార్ట్‌లో అయితే అసలు టెన్షన్ మధ్యలో తప్పిపోయేవాళ్ల గురించి. పుట్టింటికి పురుటికి వెళ్లిన అమ్మాయి ఫోన్ నంబరుతో పాటు వాళ్లమ్మ నంబరు కూడా మొదటి రోజే తీసుకోండి.

ఇప్పుడు శాంపిల్ సైజు

```
n = 4pq / d²
```

p అంటే జబ్బు ఉంటుందని మీరు అనుకునే శాతం, q అంటే 100లోంచి p తీసేస్తే మిగిలేది, d అంటే అటూ ఇటూ ఒప్పుకునే తేడా. p 50, d 5 అనుకుంటే 4 × 50 × 50 / 25, అంటే 400. క్లస్టర్ అయితే డిజైన్ ఎఫెక్ట్ 2 పెట్టి 800. 10 శాతం మంది ఒప్పుకోరనుకుంటే 800ని 0.9తో భాగించాలి, 889. ఈ మూడు మెట్లూ విడివిడిగా రాయండి, కమిటీ అడిగేది అక్కడే. 30 × 7 = 210 అన్నది 10 శాతం అటూ ఇటూ తేడా సరిపోయే సర్వేలకు వేసిన లెక్క, దాన్ని తెచ్చి 5 శాతం ఖచ్చితత్వం రాసుకోకండి. కేస్ కంట్రోల్‌కి, కోహార్ట్‌కి ఈ సూత్రం పనికిరాదు, అక్కడ రెండు గ్రూపులను పోల్చే లెక్క వేరు.

తేల్చుకున్నాక ప్రోటోకాల్‌లో ఒక పేరా అదనంగా రాయండి: మీ స్టడీలో ఏ బయాస్ రావడానికి ఎక్కువ అవకాశం ఉంది, అది జవాబుని ఏ వైపు లాగుతుంది, పెంచుతుందా తగ్గిస్తుందా. "బయాస్ ఉండవచ్చు" అని వదిలేయకండి, దిక్కు చెప్పండి. ఒప్పుకోనివాళ్ల వయసు, ఆడా మగా అన్నంతవరకైనా, వాళ్లు చెప్పడానికి ఇష్టపడితే రాసుకోండి. రేపు రాసుకున్న దిక్కు సరైనదో కాదో చూసుకోవడానికి మీ దగ్గర ఉండేది ఆ వివరాలే. ఈ శుక్రవారం లోపు ఎవరి పేరా వాళ్లు రాసి తీసుకురండి, సెమినార్ హాల్లో కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.